నీళ్లలో స్ట్రా, రెండో గ్లాసు

ముదిగొండ నుంచి ఈ అడవి అంచు ఆశ్రమ పాఠశాలకు ఫిజిక్స్ టీచరుగా వచ్చేటప్పుడు గాజు గ్లాసులు రెండు కొనుక్కున్నాను. ఎవరైనా వస్తే టీ ఇవ్వాలి కదా! ఏడాది దాటినా ఎవరూ రాలేదు. రెండోది అరమీద దుమ్ము పట్టింది. ఆడపిల్లల హాస్టల్ నిండా గోలే, కానీ నేను వరండాలోకి వస్తే చాలు, సద్దుమణిగిపోయేది. క్వార్టర్‌లో నోరు విప్పేది కుక్కరు ఒక్కటే.

క్లాసులోనూ అంతే. అర్థమైందా అంటే "అవ్ మేడం." కాలేదా అన్నా "అవ్ మేడం." అందరిదీ ఒకటే గొంతు. నాకు ఒళ్లు మండేది. ఒక్కరైనా నాతో నిజంగా ఒక మాట మాట్లాడితే చాలనిపించేది.

వక్రీభవనం పాఠం రోజు ఆ రెండో గ్లాసు కడిగి పట్టుకెళ్లాను. మెస్సులో అన్నీ స్టీలువే. భద్రాచలంలో జ్యూస్ బండి దగ్గర అడిగి తెచ్చుకున్న స్ట్రా అందులో ఏటవాలుగా పెట్టాను.

"స్ట్రా వంగిందా?"

"అవ్ మేడం!"

ఇంకా నీళ్లే పొయ్యలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అంతలో చివరి బెంచీ నుంచి ఒక పిల్ల సన్నగా అంది: "వంగలే మేడం."

నీళ్లు పోశాను. నీటి అంచు దగ్గర స్ట్రా విరిగినట్టు కనబడింది. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ వంగలే. గట్ల కనవడ్తంది, గంతే." వచ్చి స్ట్రా పైకి తీసి చూపించింది. తిన్నగానే ఉంది.

ప్రాణం లేచొచ్చింది నాకు. ఆ రోజు నోట్స్ చూడకుండా చెప్పాను. నీళ్లలో ఉన్న స్ట్రా భాగం నుంచి వచ్చే వెలుగు గాలిలోకి ఏటవాలుగా వచ్చేటప్పుడు వేగం పెరిగి దారి మళ్లుతుంది. ఆ మలుపు మన కంటికి తెలియదు. వెలుగు తిన్నగా వచ్చిందనుకుని, కన్ను స్ట్రాను అది లేని చోట చూస్తుంది.

"మరి నీళ్లల్లకెల్లి చేప జూస్తె మనం గూడ వేరే తీరుగ కనవడ్తమా?" అడిగింది ఆ పిల్ల.

"అవ్," అన్నాను నేను. "ఉన్నదానికన్నా ఎత్తులో కనబడతాం."

క్లాసంతా నవ్వింది, నేను "అవ్" అన్నందుకు.

సాయంత్రం ఆ పిల్లే గ్లాసు కడిగి తెచ్చింది. గడప దగ్గర నిలబడి అరమీది గ్లాసు చూసింది.

"ఇంకోటి ఎవలకు మేడం?"

"ఎవరికీ కాదు. నేనొక్కదాన్నే."

"మీకు మాతోని మాట్లాడుడు ఇష్టంలేదనుకున్నం. గందుకే మీరొస్తె సప్పుడు జెయ్యం."

"అట్లా అని ఎవరు చెప్పారు?"

"ఎవలు జెప్పలే. బయటకెల్లి గట్ల కనవడ్తది."

ఏడుపొచ్చింది, దాచుకోలేకపోయాను. లోపలికి రమ్మన్నాను. పాలు తక్కువగా ఉన్నాయి, నీళ్లు కలిపి టీ పెట్టాను. రెండు గ్లాసుల్లోనూ పోశాను.