ఇసుక ఒప్పుకోని బ్రాకెట్

బెంగాల్‌లో, టికియాపారా రైలు షెడ్ల వెనక ఉన్న ఇనుప పోతల ఫౌండ్రీలో గురువులు ముప్పయ్యారేళ్లుగా ఇసుకతో అచ్చులు కడుతున్నాడు. సోంపేట నుంచి వచ్చిన కొత్తలో అతని పేరు ఎవరికీ నోరు తిరగలేదు. ఇప్పుడు పోత చెడితే చాలు, అందరికీ ముందు ఆ పేరే గుర్తొస్తుంది.

ఈసారి చెడినవి మూడు. ఓడరేవు క్రేనులో కప్పీని మోసే బ్రాకెట్లు. "నీ చేతులు వణుకుతున్నాయి గురువులు, నాలుగోది కూడా పోతే విశ్రాంతి తీసుకో" అన్నాడు యజమాని మృత్యుంజయబాబు. విశ్రాంతి అంటే గేటు బయటేనని గురువులుకు తెలుసు.

బ్రాకెట్ గీసింది సాయివర్ధన్, హైదరాబాదు నుంచి దిగిన ఇంజినీరు. గీశాడనడం కూడా ఎక్కువే. ఎక్కడ బిగిస్తారో, ఎంత బరువు వేలాడుతుందో కంప్యూటర్‌కు చెప్పి, టీ తాగి వచ్చాడు. బలం పెద్దగా పడని చోటల్లా అది లోహాన్ని తొలిచేసి, నలభై కిలోల దిమ్మను ఇరవై రెండు కిలోల ఎముకల గూడు చేసిపెట్టింది. "ప్రకృతి ఇలాగే డిజైన్ చేస్తుంది సార్" అంటూ అతను తెర మీద రంగులు చూపిస్తే ఆఫీసంతా చప్పట్లు కొట్టింది. ప్రకృతి ఇసుకలో ఇనుము పోస్తుందా అని అడిగిన పుణ్యాత్ముడు లేడు.

నాలుగోసారి గురువులు ప్లాస్టిక్ నమూనా చుట్టూ ఇసుక కూరి, యజమానినీ ఇంజినీరునూ పిలిచాడు.

"బాబూ, నాను ముట్టుకోను. నువ్వే పైకి లాగు."

సాయివర్ధన్ చొక్కా చేతులు మడిచి లాగాడు. లోపలికి వంగిన కొమ్మలు ఇసుకను పెళ్లలు పెళ్లలుగా పెకలించుకొచ్చాయి.

"ఏటి సూత్తన్నావు? మూడుసార్లూ ఈ పెళ్లలే అతికించి పోసినాను. ఆ సన్న కొమ్మల్లోకి ఇనుము ఎల్లేలోపే గడ్డకట్టీసింది. నా సేతులేటి సేస్తాయి?"

"ఇది పోత పోసే వస్తువని కంప్యూటర్‌కు చెప్పలేదు" అని గొణిగాడు సాయివర్ధన్.

నమూనా ఏ దిక్కుకు బయటికి రావాలో, కొమ్మ మందం ఎంతకు తగ్గకూడదో చెప్పి మళ్లీ లెక్క కట్టించాడు. ఇరవై తొమ్మిది కిలోలు తేలింది. అతని గొప్పలో ఏడు కిలోలు తగ్గాయి.

కొత్త పోత నున్నగా వచ్చింది. ఆఫీసు మళ్లీ చప్పట్లు కొట్టింది. గురువులు మాత్రం రంపం తెప్పించి, కొమ్మలన్నీ కలిసే లావుపాటి చోట కోయించాడు. లోపల గుల్ల! అచ్చం మేడిపండే. లావుగా ఉన్న చోట ఇనుము ఆఖరున చల్లారి కుంచించుకుపోతుంది. తర్వాతి అచ్చులో అక్కడికి అదనపు ఇనుము దిగేలా పైన గుంట పెట్టాడు. ఆ పోత గట్టిగా వచ్చింది, బరువు వేలాడదీసి చూసినా చెక్కుచెదరలేదు.

"శభాష్ సాయీ!" అన్నాడు మృత్యుంజయబాబు.

గురువులుకు ఒళ్లు మండింది. "మరి ఆ మూడూ ఎవరివల్ల పోయినాయి బాబూ?"

పనివాళ్లందరి ముందూ సాయివర్ధన్ వచ్చీరాని బెంగాలీలో చెప్పాడు: "తప్పు నా డిజైన్‌ది. ఈయన చేతులది కాదు."

గురువులుకు కళ్లు చెమర్చాయి. మృత్యుంజయబాబు ఫోన్ చూసుకుంటూ, "రేపు కాస్త పెందలాడే రా, గురువులు" అన్నాడు. ముప్పయ్యారేళ్లలో ఆ నోట వచ్చిన క్షమాపణ అదొక్కటే.