ఎర్రబడ్డ చెక్కులు, సీనియర్ గారి కెటిల్

కరీంనగర్‌లో మా ఆఫీసు పత్తి వ్యాపారులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. ఒక మధ్యాహ్నం మా సీనియర్ పెట్టిన పుల్ రిక్వెస్ట్, అంటే కొత్త కోడ్‌ను అసలు దాంట్లో కలపమనే అభ్యర్థన, ఎర్ర గుర్తు పడి ఆగిపోయింది. ఆయన తన కోడ్‌ను ఎప్పుడూ అనుమానించడు.

"మెషిన్ పరేషాన్ చేస్తుంది. మళ్ల నడుపు," అన్నాడు.

కోడ్ పెట్టగానే కంప్యూటర్ తానే నడిపే పరీక్షలను మేం చెక్కులంటాం; పైన కనిపించే ఎర్ర గుర్తు అన్ని చెక్కుల ఫలితాన్నీ కలిపి చెబుతుంది. ఒక్కటి చెడినా మొత్తం ఎర్రబడుతుంది, ఎందుకు చెడిందో మాత్రం చెప్పదు. అందుకే నేను విడివిడిగా తెరిచాను. ఒకదానిలో నెట్ తెగిపోయి ఒక్క టెస్టూ మొదలు కాలేదు. రెండోదానిలో టెస్టులన్నీ నడిచాయి, ఒకటి తప్పింది. తడి పత్తికి ధర తగ్గాలి, ఈయన కోడ్ పూర్తి ధర ఇచ్చేసింది.

రెండూ మళ్లీ నడిపాను. మొదటిది పచ్చబడింది.

"చెప్పిన గదా," అన్నాడు.

రెండోది అదే టెస్టు దగ్గర, అదే లైన్లో పడింది. నాకు ఒళ్లు మండింది.

"ఇది మెషిన్ గాదు సార్, మీ కోడే. తడి పత్తికి గంత ధర ఎవరిస్తరు?"

"జర ఇంకొక్కసారి నడుపు," అంటూ ఆయన టీ కోసం కెటిల్ స్విచ్ వేశాడు.

నేను అప్పటికే మళ్లీ నడిపాను. టెస్టులు నడిపే మా ఆఫీసు కంప్యూటర్‌దీ అదే స్విచ్ బోర్డు. ఫ్యూజు పోయింది. కాసేపటికి ఫోన్ నెట్‌తో నా ల్యాప్‌టాప్‌లో చూస్తే చెక్కు మళ్లీ ఎర్రగా ఉంది. మెషిన్ మధ్యలోనే ఆగిందట, తడి పత్తి టెస్టు దాకా రానేలేదట.

ఆయన నా భుజం మీదుగా చదివి తృప్తిగా తలూపాడు.

"చూసినవా, మెషినే."