రాతపని లేని వారం

నందిగామ దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పడానికి నన్ను తాత్కాలికంగా వేసుకున్నారు. అరవైల్లో సంగతి. లెక్కల మాస్టారు ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. మిషన్ హాస్టల్లో చదివి వచ్చాను కాబట్టి మా నాన్న ఏ బళ్ళోనో పంతులై ఉంటాడని వాళ్ళే అనుకున్నారు. నేను కాదనలేదు. మా అమ్మా నాన్నా జగ్గయ్యపేట పక్కన మిరప చేలల్లో కూలికెళతారని తెలిస్తే ఆ గది ఉండదు.

టర్ము మొదట్లో ప్రతి టీచరూ స్కీము రాసివ్వాలి. వారానికో గీత, అందులో పాఠం, నోటి పని, రాతపని, పరీక్ష అని గళ్ళు. తొమ్మిదో తరగతి వ్యాకరణానికి అందరూ ఒకేలా రాసేవాళ్ళు. సంక్రాంతి సెలవులవగానే పాసివ్ వాయిస్, తర్వాత డైరెక్ట్ ఇన్‌డైరెక్ట్ స్పీచ్, చివర్లో రివిజను, ఆపైన పరీక్ష. ఆ సెలవులవగానే మా వైపు మిరప కోతలు. పిల్లలూ కూలికెళతారు, సగం బెంచీలు ఖాళీ. ఉన్న సగానికి కొత్త పాఠం చెబితే, తిరిగొచ్చిన సగానికి మళ్ళీ చెప్పాలి.

నేను రివిజను ముందుకు జరిపాను. కోతల వారాల్లో టెన్సులూ, క్రియల మూడో రూపాలూ మళ్ళీ చదివించడం. అవి రాకుండా పాసివ్ వాయిస్ ఎలాగూ రాదు, ఉన్నవాళ్ళకీ నష్టం లేదు. పిల్లలు తిరిగొచ్చే వారం నుంచి పాసివ్ వాయిస్. అయితే ఆ మొదటి వారం రాతపని గడి ఖాళీగా వదిలేశాను. ఉత్తుత్తిగా ఏదో అభ్యాసం రాద్దామని కలం పెట్టాను కూడా. తనిఖీలో పిల్లల నోటుబుక్కులు స్కీము పక్కన పెట్టి చూస్తారు, అప్పుడు దొరికిపోతాను. ఖాళీగానే ఇచ్చేశాను.

తనిఖీ సరిగ్గా ఆ కోతల నెల్లోనే పడింది. హెడ్మాస్టరు గదిలో ఇన్‌స్పెక్టరు గారు ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. మిగతా వాళ్ళం అదే గదిలో బల్లల మీద. లెక్కల మాస్టారు నా పక్కనే.

"రివిజను ఇక్కడెందుకుందమ్మా?" అన్నారాయన నా వంతొచ్చాక. కోతల సంగతి చెప్పాను. ఆయన కాస్త ఆలోచించి తలాడించారు. హమ్మయ్య అనుకున్నాను. అంతలో ఆయన వేలు ఖాళీ గడి మీద ఆగింది.

"కొత్త పాఠం మొదలుపెట్టి వారమంతా రాయించకుండా ఎలా?"

"నోటితో చెప్పిస్తానండి. రాత ఆ పై వారం."

"ఎందుకని?"

మరిచిపోయానంటే సరిపోయేది. కానీ ఆయన ఎర్రకలం తీసి ఆ గడిలో రాయబోతున్నారు. అది రాస్తే నేను చేయించాల్సిందే.

"చేతులు మండుతుంటాయండి. కోతల నించి వచ్చినాక నాలుగైదు రోజులు కలం పట్టుకోలేరు. చెమట పట్టినా మంటే, కళ్ళు నలుపుకుంటే ఇంక చెప్పక్కర్లా."

"నీకెలా తెలుసు?"

బల్ల మీద లెక్కల మాస్టారు కాలు ఊపడం ఆపేశాడు. అబద్ధం కోసం వెతికాను. ఒక్కటీ దొరకలేదు.

"ఎస్సెల్సీ దాకా నేనూ కోశానండి. మా అమ్మ ఇప్పుడూ కోస్తంది."

ఆయన కలం మూత పెట్టేశారు. "అలాగే కానీ," అని సంతకం చేశారు. మెచ్చుకున్నారనే అనుకోవాలి. నేను వెనక్కొచ్చి నా చోట కూర్చున్నాను. లెక్కల మాస్టారు నా వైపు చూడకుండా లేచి అటు చివర బల్ల మీద కూర్చున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి నా ట్రంకుపెట్టె, పరుపుచుట్ట అరుగు మీద ఉన్నాయి. మాస్టారి భార్య గుమ్మంలో నిలబడింది. మంచి మనిషే, జ్వరమొచ్చినప్పుడు గంజి కాచి ఇచ్చింది.

"ముందే చెప్పుండాల్సిందమ్మా," అంది మెల్లిగా.

"చెప్తే గది ఇచ్చేవారాండీ?"

ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ మింగేశాను. పెట్టే, పరుపుచుట్టా ఎత్తుకుని వీధిలోకి దిగాను. వెనకాల నేనున్న గదిలో నీళ్ళు కుమ్మరించి కడుగుతున్న చప్పుడు బస్సు రోడ్డు మలుపు దాకా వినిపిస్తూనే ఉంది.