రెండు వృత్తాలు, ఒక త్రిభుజం

నేను బడిలో చదివింది తొమ్మిదో తరగతి వరకే. మిగతా చదువంతా దరియాగంజ్ ఆదివారం బజారులో ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాల్లో సాగింది. జామెట్రీ మాత్రం సర్కారు ఆఫీసులో నక్షాలకి నకళ్ళు గీసే ట్రేసర్ ఉద్యోగం చేస్తూ, బల్ల మీద వంగి వంగి నేర్చుకున్నాను. రిటైరయ్యాక లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు తమ బుక్‌లెట్లకి బొమ్మలు గీసిపెట్టమన్నారు. వారానికి మూడు రోజులు జనక్‌పురి నుంచి మెట్రోలో వెళ్తాను. కంపాస్ నాదే, పెన్సిలూ నాదే. గీసింది వాళ్ళు స్కాన్ చేసుకుంటారు.

మా కింది ఫ్లాట్‌లో తెలుగువాళ్ళే ఉంటారు. వాళ్ళమ్మాయి అదే సెంటర్‌లో ఇంజినీరింగ్ ఎంట్రన్సుకి చదువుతోంది. పుట్టింది ఇక్కడే. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం హిందీ. రైల్లో నేను సీనియర్ సిటిజన్ సీట్లో కూర్చుంటే, ఎదురుగా నిలబడి సెంటర్ కబుర్లన్నీ చెప్పేది. ఆ శనివారం మాత్రం కరోల్ బాగ్ దాటినా నోరు విప్పలేదు.

"ఏమైందమ్మా? ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఏం లేదు తాతగారూ. లిస్టు వచ్చింది. మొదటి నలభై మందికే టాప్ బ్యాచ్. నాది నలభై రెండు."

"అయితే ఇంకోసారి రాయొచ్చుగా."

"ఇంకోసారి లేదు. ఇదే లాస్ట్ టెస్ట్. ఫిజిక్స్ మేడమ్ టాప్ బ్యాచ్‌కే చెప్తారు. ఒక్క ప్రశ్న. ఆన్సర్ కీలో వేరేది ఉంది. రైటయితే నాలుగు మార్కులు, రాంగయితే మైనస్ ఒకటి. నా ఐదు మార్కులు అక్కడే పోయాయి."

ఫోన్‌లో ప్రశ్న చూపించింది. ఆరు సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రెండు వృత్తాలు. ఒక్కోటి రెండోదాని కేంద్రం గుండా పోతోంది. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న చోటు వైశాల్యం ఎంత? ఈ పిల్ల గుర్తు పెట్టింది ఇరవై నాలుగు పై మైనస్ పద్దెనిమిది రూట్ మూడు. కీలో మాత్రం ఇరవై నాలుగు పై మైనస్ తొమ్మిది రూట్ మూడు.

"నువ్వు ఎలా చేశావు?"

ఆమె నా పాత టిఫిన్ సంచీ మీదే వేలితో గీసి చూపించింది. "రెండు వృత్తాలూ కలిసే పాయింట్లు పైన ఒకటి, కింద ఒకటి. ఈ కేంద్రం నుంచి ఆ రెండింటికీ గీతలు గీస్తే నూట ఇరవై డిగ్రీల సెక్టార్. అంటే వృత్తంలో మూడో వంతు, పన్నెండు పై. ఆ కేంద్రం నుంచి ఇంకో పన్నెండు పై. రెండూ కలిపితే మొత్తం చోటు నిండిపోతుంది. కానీ మధ్యలో డైమండ్ రెండుసార్లు లెక్కకొచ్చింది కదా, ఒకసారి తీసెయ్యాలి. డైమండ్ అంటే పైన ఒక సమబాహు త్రిభుజం, కింద ఒకటి. ఒక్కోటి తొమ్మిది రూట్ మూడు. రెండూ కలిపి పద్దెనిమిది."

"మరి వాళ్ళు ఒక్కటే తీశారు!"

"తీశారు."

నాకు ఒళ్ళు మండింది. వేలకి వేలు గుంజి, గోడల నిండా ర్యాంకర్ల ఫోటోలు అతికించి, తీరా చూస్తే సగం తీసివేత! "పద, అడుగుదాం," అన్నాను.

"ఛోడో తాతగారూ, వదిలెయ్యండి. కీ మీద అబ్జెక్షన్ పెడితే క్లాసులో నవ్వుతారు."

"నవ్వనీ. నేను లేనూ?"

లెక్కల మాస్టారు కుర్రాడే, ముప్పై దాటవు. క్లాసు ముగించుకుని బోర్డు తుడుస్తున్నాడు. విషయం చెప్పగానే చేతులు దులుపుకుని నవ్వాడు. "అంకుల్‌జీ, ఇది స్టాండర్డ్ రిజల్ట్. రెండు సెక్టార్లు మైనస్ త్రిభుజం. బుక్‌లెట్‌లో ఉంది చూడండి."

ఫార్ములాలతో ఇతనితో తగువు పడితే నేను నెగ్గలేను. నాకు తెలిసిందల్లా కొలవడమే. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రెండు వృత్తాలూ వేశాను. మధ్యలో ఏర్పడ్డ కంటి ఆకారం చుట్టూ, దానికి అంటుకునేలా ఒక పెట్టె గీశాను.

"దీని వెడల్పెంత?"

"కేంద్రం నుంచి కేంద్రానికి, ఆరు."

"ఎత్తు?"

"ఆరు రూట్ మూడు. పది పాయింట్ నాలుగనుకోండి."

"పెట్టె వైశాల్యం?"

"అరవై రెండు... పాయింట్ నాలుగు."

"మరి మీ కీ ప్రకారం లోపలి కన్ను?"

అతను ఫోన్‌లో నొక్కాడు. "యాభై తొమ్మిది పాయింట్ ఎనిమిది."

"అంటే నాలుగు మూలల్లో ఖాళీ అంతా కలిపి రెండున్నర చదరపు సెంటీమీటర్లు! ఒక్కో మూల నా చిటికెన వేలి గోరంత. బోర్డు చూసి చెప్పు బేటా, ఆ మూల గోరంతే ఉందా?"

అతను చూశాడు. అమ్మాయి మెల్లగా, "పద్దెనిమిది రూట్ మూడు తీస్తే నలభై నాలుగు పాయింట్ రెండు వస్తుంది సార్. అప్పుడు ఒక్కో మూల నాలుగున్నర," అంది.

మాస్టారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అచ్ఛా. ఠీక్ హై. ఈ ప్రశ్నని బోనస్ చేసేద్దాం. అందరికీ నాలుగు మార్కులు. గొడవే ఉండదు."

నేను సంతోషించబోయాను. ఆ పిల్లే ఒప్పుకోలేదు. "బోనస్ వద్దు సార్! కీలో ఉన్నదాన్ని పెట్టినవాళ్ళకి ఆల్రెడీ నాలుగు ఉన్నాయి, అవి అలాగే ఉంటాయి. వదిలేసినవాళ్ళకీ నాలుగొస్తాయి. ప్రశ్న తప్పు కాదు కదా, కరెక్ట్ ఆన్సర్ ఆప్షన్లలోనే ఉంది. కరెక్ట్ చేసినవాళ్ళకే ఇవ్వండి."

పొద్దున మెట్రోలో నవ్వుతారని భయపడిన పిల్ల!

మాస్టారు సొరుగులోంచి అబ్జెక్షన్ ఫారం తీసి బల్ల మీద పెట్టాడు. "నేనేం చెయ్యను? కారణం గడులు మూడే. ప్రశ్నలో తప్పు అని టిక్ పెడితే బోనస్. అచ్చుతప్పు అంటే ప్రెస్ వాళ్ళు ఒప్పుకోరు. బుక్‌లెట్ బొమ్మలో తప్పు అంటేనే కీ మారుస్తారు. ఫ్యాకల్టీ తప్పు అనే గడి లేదు అంకుల్‌జీ, ఈ సెంటర్‌లో ఉండదు."

ఏం మనుషులయ్యా వీళ్ళు అని నోటి దాకా వచ్చింది. ఈలోగా అతను బుక్‌లెట్ తెరిచి ఆ పేజీ నా ముందుకి తోశాడు. ఊరికే చూపిస్తున్నాడు, పాపం అతని మనసులో ఏమీ లేదు.

ఆ బొమ్మ నాది. రెండు వృత్తాలు, కేంద్రాలని కలిపే గీత, పైన త్రిభుజం. కింద ఏమీ లేదు. ఆ రోజు గుర్తుంది నాకు. రెండు త్రిభుజాలూ వేస్తే గీతలు ఎక్కువై బొమ్మ గజిబిజిగా ఉందని, కిందిది రబ్బరుతో చెరిపేశాను. చూడ్డానికి బాగుందని మురిసిపోయాను కూడా. పైది ఉంటే కిందిది ఎవరికైనా తోస్తుందనుకున్నాను. ఇతనికి తోచలేదు. కళ్ళ ముందున్నది లెక్కపెట్టాడు, ఒకటే ఉంది, ఒకటే తీశాడు.

పొద్దుట్నుంచి మెట్రో అంతా వినబడేలా నేను తిట్టింది ఎవర్నో ఇప్పుడు చెప్పాలి.

"బొమ్మలో తప్పు," అన్నాను. "నాదే. కింద త్రిభుజం నేనే చెరిపాను."

"అరే అంకుల్‌జీ, మీ బొమ్మ తప్పేం కాదు. కొంచెం..."

"సగం ఉంటే తప్పే. రాయండి."

అమ్మాయి తన పెన్ను మూత తీసి నాకిచ్చింది. మూడో గడిలో టిక్ పెట్టి, కింద నా సంతకం నేనే చేశాను. నలభై ఏళ్ళ సర్వీసులో నా డ్రాయింగు మీద ఒక్క ఎర్రగీత పడలేదని చెప్పుకు తిరిగేవాణ్ణి. అది ఆ బల్ల మీద అయిపోయింది.

మధ్యాహ్నం మూడింటికి కొత్త లిస్టు అంటించారు. మా అమ్మాయిది ముప్పై ఎనిమిది. ఫార్ములా బట్టీపట్టిన కొందరు కిందికి జారారు. వాళ్ళలో ఒకడు నన్ను చూసి, "యే అంకుల్ కౌన్ హై?" అని గొణిగాడు.

"బొమ్మలేసే అంకుల్," అంది మా అమ్మాయి తెలుగులోనే, వాడికి అర్థం కాకుండా. పుస్తకాలు చంకన పెట్టుకుని టాప్ బ్యాచ్ గదిలోకి వెళ్ళిపోయింది.

నేను కొత్త కాగితం తీసుకుని కూర్చున్నాను.