దేవకుమార్ నాటకంలో ఇంగ్లీషు పాళ్లు

దేవకుమార్‌కి రెండు భాషలు క్షుణ్ణంగా వచ్చు. రెండూ మనుషులు మాట్లాడుకునేవి కావు. మొదటిది, వన్ టౌన్‌లో ఓడలకు సరుకెక్కించే కంపెనీలో గుమస్తాగా ఆయన రోజంతా రాసే ఇంగ్లీషు. అందులో ఎవరూ దేన్నీ అడగరు, వినయపూర్వకంగా మనవి చేసుకుంటారు. రెండోది ఆదివారం గుళ్లో లేచి నిలబడి బైబిలు వాక్యం చదివే తెలుగు. అందులో ఎవరూ ఏదీ చెప్పరు, సెలవిస్తారు. ఈ రెండింటి నడుమ జనం పప్పూ ఉప్పూ తెచ్చుకునే భాష మరొకటి ఉందన్న సంగతి, తరంగ నాటక సమాజానికి నాటకాలు రాయడం మొదలుపెట్టేదాకా ఆయన పట్టించుకోలేదు.

సమాజం రిహార్సళ్లు హుస్సేన్ బాషా తాళ్ల దుకాణం మేడ మీద జరిగేవి. కింద కొబ్బరితాళ్లు, టార్పాలిన్లు, పైన కళ. బాషా గొంతు రేవు అవతలి ఒడ్డుకి వినిపించేది గనక తండ్రి వేషాలన్నీ ఆయనవే. మొదటి నాటకంలో క్రేన్ నడిపే కార్మికుడిగా ఆయన అనవలసిన మాట ఇది: "ఓ యంత్రమా, నీ భారమును నేను మోయుచున్నానా, నా భారమును నీవు మోయుచున్నావా?"

బాషా కాగితం దించాడు.

"బావా, రేవులో నాను ఈ మాటంటే గ్యాంగంతా కలిసి నన్నే కొక్కేనికి తగిలించేత్తారు."

"అది భావం, బావా."

"భావం బాగున్నాది. మడిసే కనపళ్లేదు."

ఆ ఏడు నాటక పోటీల్లో తరంగకు ఆఖరి స్థానం వచ్చింది. సంభాషణలు ప్రజల భాషకు దూరంగా ఉన్నాయని న్యాయనిర్ణేతలు అన్నారు. దేవకుమార్ విమర్శను శిరసావహించాడు. ప్రజలు ఇంగ్లీషు కలిపి మాట్లాడతారు గదా అని, మరుసటి ఏడు వాక్యానికొక ఇంగ్లీషు మాట చొప్పున, పులుసులో ముక్కలు పంచినట్టు, పాత్రలందరికీ సమానంగా వడ్డించాడు. ఎవరికీ అన్యాయం జరగకూడదన్నది ఆయన సిద్ధాంతం. నాటకంలో ఎనభై ఏళ్ల ముసలమ్మ కోడలితో "అన్‌ఫార్చునేట్లీ నాకు ఆకలిగా ఉందే" అంది.

"మాయమ్మ అన్‌ఫార్చునేట్లీ అందనుకో, నాను అన్నం పెట్టను, డాక్టర్ని పిలుత్తాను" అన్నాడు బాషా.

ఆ ఏడూ ఆఖరి స్థానమే. ఈసారి సంభాషణలు కృతకంగా ఉన్నాయన్నారు.

సమాజానికి కార్యదర్శీ దర్శకుడూ అయిన జగ్గారావు పోర్టు లెక్కల విభాగంలో పనిచేసేవాడు. మనుషులతో కూడా ఆఖరి మొత్తం కింద గీత గీసినట్టే మాట్లాడేవాడు.

"దేవకుమార్‌గారూ, ఇదే లాస్ట్ ఛాన్స్. మాటలకి ప్రైజు రాకపోతే వచ్చే ఏడు రాజమండ్రి నుంచి రచయితని పిలిపిస్తాం. మీరు లైట్లు చూసుకుందురుగాని."

దేవకుమార్ జీవితంలో ప్రమోషన్ లేదు, పొలం లేదు, స్కూటర్ లేదు. ఏడాదికొకసారి గోడల మీద అతికించే గులాబీరంగు కాగితంలో "రచన: దేవకుమార్" అన్న ఒక్క పంక్తి ఉంది. 'లైటింగు: దేవకుమార్' అన్న పంక్తిని ఊహించుకుంటే ఆయన కళ్లకు చీకట్లు కమ్మాయి.

అప్పటినుంచి గోపాలపట్నంలో తన ఇంటి దగ్గర బస్సెక్కి వన్ టౌన్‌లో దిగేదాకా ఆయన చెవులు రిక్కించుకు కూర్చునేవాడు. కొన్నాళ్లకి బుద్ధుడికి చెట్టుకింద దొరికినట్టు ఆయనకు ఫుట్‌బోర్డు పక్కన జ్ఞానం దొరికింది. ఇంగ్లీషు మాట ఒంటరిగా రాదు, తెలుగు తోక తగిలించుకుని వస్తుంది. బండి బాగుపడితే కాదు, పాడైతే 'రిపేరైంది' అంటారు. మనిషి నొచ్చుకుంటే 'ఫీలయ్యాడు'. పైగా చదువుకీ ఇంగ్లీషుకీ సంబంధమే లేదు. రేవులో బరువులెత్తే వించి నడిపే, వేలిముద్ర తప్ప సంతకం రాని డ్రైవరు "షిఫ్టు మారిపోనాది, వించి ట్రబులిత్తంది, ఓటీ రాయలేదు" అని ఒక్క గుక్కలో అనేస్తాడు. అన్‌ఫార్చునేట్లీ అనని ముసలమ్మ "నాకు షుగరున్నాది, టీలో పంచదార తక్కువెయ్యి" అంటుంది. వస్తువుతోనూ పనితోనూ రోగంతోనూ వచ్చిన మాటలు అందరివీ. ఏడుపూ తిట్టూ ఆకలీ మాత్రం ఎవరికైనా తెలుగులోనే.

ఇంతవరకూ బస్సు నేర్పింది. అసలు పాఠం ఇంట్లో ఉంది. దేవకుమార్ భార్య విమలమ్మ మిషన్ బళ్లో టీచరు. ఆవిడ కోపం రెండు రకాలు. "ఏటండీ, గుమ్మంలో ఆ చెప్పులేటి, ఇల్లనుకున్నారా రేవనుకున్నారా" అని తెలుగులో మొదలైతే అది అన్నంతో ముగుస్తుంది. "ఇట్స్ ఆల్‌రైట్" అని ఇంగ్లీషులో ముగిస్తే ఇక ఆ పూట అన్నం మొదలుకాదు. మనిషి దగ్గరకు రావాలంటే ఒక భాష, దూరం జరగాలంటే ఇంకోటి! పదేళ్లుగా ఆకలితో అనుభవిస్తున్న ఈ సత్యం ఆయనకు కళగా ఇప్పుడే కనిపించింది.

ఆ నాటకం పదిరోజుల్లో పూర్తయింది. చూపు మందగించిన వించి డ్రైవరు తండ్రి. స్టీలు ప్లాంటు ప్రాజెక్టు ఆఫీసులో కుదురుకున్న కొడుకు. తండ్రిని ఊళ్లో పెదనాన్న పంచకి పంపేయాలని కొడుకు ఉద్దేశం. తండ్రి మీద ప్రేమగా ఉన్నంతసేపూ కొడుకు తెలుగులోనే మాట్లాడతాడు, పంపే మాట దగ్గరకొచ్చేసరికి ఇంగ్లీషులోకి జారుకుని, "నాన్నా ప్లీజ్, బీ ప్రాక్టికల్. సిట్యుయేషన్ అర్థం చేసుకో" అంటాడు. తండ్రి కాసేపు చూసి, "తెలుగులో సెప్పరా బాబూ. తిట్టినా పర్లేదు" అంటాడు. కోడలికి ఒకచోట "ఇట్స్ ఆల్‌రైట్" అన్న మాటా పడింది. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రచయిత ఎవరికీ చెప్పలేదు.

దేవకుమార్ నాటకం చదివి వినిపించాడు. బాషా బీడీ ఆరిపోయినా పీలుస్తున్నాడు.

"బావా, ఇది నాను సెయ్యక్కర్లేదు. అనేత్తే సాలు" అన్నాడు చివరికి.

జగ్గారావుకి మాత్రం భయం పట్టుకుంది. పోటీలవాళ్లకి రాతప్రతి ముందే పంపాలి, న్యాయనిర్ణేతలు దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తారు.

"ఇంత ఇంగ్లీషా! ఆ పెద్దలంతా పంతుళ్లండీ. మొదటి పేజీలోనే పక్కన పడేస్తారు. వాళ్లకి పంపడానికి శుద్ధమైన తెలుగులో ఒక ప్రతి రాసివ్వండి. స్టేజి మీద మనది మనం ఆడుకుందాం."

అలాంటి నిబంధన పోటీలవాళ్లకి ఉందో లేదో ఎవరూ అడగలేదు. భయపడటానికి నిబంధన ఉండాలన్న నిబంధన లేదు. దేవకుమార్ గుండె రాయి చేసుకుని, వాక్యం చదివే గొంతును మళ్లీ పిలిచి, "తండ్రీ, దయచేసి ఆచరణాత్మకముగా ఆలోచింపుము. పరిస్థితిని అవగాహన చేసికొనుము" అని తిరగరాశాడు. ఒకే అట్ట, ఒకే శీర్షిక, ఒకే చేతిరాతతో రెండు ప్రతులు తయారయ్యాయి. పాత్రధారుల కాగితాలు ఎవరివి వాళ్ల దగ్గరున్నాయి. జగ్గారావు ఒక ప్రతిని పోటీలకు పంపి, రెండోదాన్ని ప్రాంప్టర్ సత్యం చేతికిచ్చాడు. ఏది ఎటు వెళ్లిందో అట్ట తిప్పి చూసే అలవాటు లెక్కల విభాగంలో ఉండదు గాబోలు.

ప్రదర్శన శనివారం సాయంత్రం. ముందు వరసలో ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒకరి ఒళ్లో రాతప్రతి. నాలుగో వరసలో విమలమ్మ. కోడలు "ఇట్స్ ఆల్‌రైట్" అనగానే హాల్లో ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. విమలమ్మ మాత్రం నవ్వలేదు.

అసలు ఘట్టం వచ్చింది. కొడుకు వేషం తాతబాబుది. నిజంగానే ప్రాజెక్టు ఆఫీసులో టైపిస్టు. రోజూ పదిసార్లు వినే మాట గనక ఇది మరిచిపోవడం అసంభవమని రిహార్సల్లో ఆ ముక్క ఒకసారి కంటే ఎక్కువ చెప్పలేదు. "నాన్నా..." అన్నాడు. ఆగాడు. మళ్లీ "నాన్నా" అన్నాడు. పక్క తెర వెనక సత్యం కర్తవ్యానికి ఉపక్రమించి, చేతిలో ఉన్న ప్రతిలో ఉన్నది ఉన్నట్టు అందించాడు. మునిగేవాడు గడ్డిపోచ రంగు చూడడు. తాతబాబు గట్టిగా అందుకున్నాడు:

"తండ్రీ! దయచేసి ఆచరణాత్మకముగా ఆలోచింపుము. పరిస్థితిని అవగాహన చేసికొనుము!"

లైట్ల పక్కన నిలబడ్డ దేవకుమార్, తన రాబోయే ఉద్యోగం అదేనని అర్థమై, స్విచ్ బోర్డు పట్టుకున్నాడు. తర్వాతి మాట బాషాది: తెలుగులో చెప్పరా అని. కొడుకు చెప్పింది తెలుగే, అదీ సలక్షణమైన తెలుగు.

బాషా కొడుకు వంక చూశాడు. ఆ చూపు నాటకంలోది కాదు. తాళ్ల దుకాణంలో నాసిరకం తాడు అంటగట్టబోయిన వాడి వంక చూసే చూపు. అడుగు ముందుకేసి, మెల్లిగా అన్నాడు.

"తెలుగులో సెప్పరా బాబూ."

హాలు నవ్వుతో పగిలిపోయింది. ఈలలు, చప్పట్లు. ముందు వరసలో పంతులుగారొకరు ఒళ్లోని కాగితాలు జారవిడిచి నవ్వుతున్నారు. నవ్వు ఆగేదాకా బాషా కదల్లేదు. ఆగాక, అంతకంటే మెల్లిగా, "తిట్టినా పర్లేదు" అన్నాడు.

తాతబాబుకి ఇక కాగితం లేదు, సత్యం లేడు. నోటికొచ్చింది అన్నాడు:

"నీకు కళ్లు కనపడవు నాన్నా. నాను సూడలేను. ఎల్లిపో."



ఆదివారం మధ్యాహ్నం బహుమతులిచ్చారు. న్యాయనిర్ణేతల్లో పెద్దాయన మైకు ముందుకొచ్చి, పంపిన రాతప్రతి చదివినప్పుడే సంభాషణల సహజత్వం తమను ఆకట్టుకుందనీ, అయితే ప్రతిలో లేని ఆ గ్రాంథిక వాక్యాన్ని వేదిక మీద చేర్చి, జనానికి దూరమైన భాష ఏదైనా పరాయిదేనని ఒక్క దెబ్బతో నిరూపించడం అసాధారణ ప్రతిభ అనీ సెలవిచ్చారు. ఉత్తమ సంభాషణల బహుమతి దేవకుమార్‌కి. దర్శకుడి పాత్ర కూడా విస్మరించరానిదని జగ్గారావు స్వయంగా గుర్తుచేశాడు. దేవకుమార్ మైకులో అందరికీ కృతజ్ఞతలు చెప్పాడు: బాషాకి, తాతబాబుకి, సత్యానికి మరీ మరీ, చివరికి మేడ కింది తాళ్లకి కూడా.

కప్పు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, "విమలా, వచ్చే ఏడు కూడా రచన నాదే!" అని గుమ్మంలోనే ప్రకటించాడు.

"సంతోషం."

"నువ్వలా వెనక కూర్చుని అట్నుంచటే వచ్చేశావు, మైకులో నీ పేరు..."

"ఇట్స్ ఆల్‌రైట్" అంది విమలమ్మ.

వంటింట్లో పొయ్యి చల్లగా ఉంది. హాలంతా గొల్లుమన్న మాట. ఇక్కడ మాత్రం ఎవరూ నవ్వడం లేదు. దేవకుమార్ కప్పు కిందపెట్టాడు. తనకు తెలిసిన రెండు భాషల్లోనూ ఈ సందర్భానికి తగిన వాక్యం లేదు. ఇక చేసేది లేక తన నాటకాన్నే ఆశ్రయించాడు.

"తెలుగులో చెప్పు విమలా. తిట్టినా పర్లేదు."

విమలమ్మ ఆయన వంక ఎగాదిగా చూసింది.

"ఏటి సెప్పమంటారు? పదేళ్ల నించి నాను కడుపుమండి అన్న మాట ఊరందరికీ అమ్ముకొచ్చి, ఆ కప్పెట్టుకుని నా ఎదర నిలబడ్డానికి సిగ్గులేదా? తాళ్లకి దండం పెట్టారు, తాళి కట్టిందాని పేరు గుర్తులేదేటి? రచయితట, రచయిత! ముందా చెప్పులు గుమ్మంలోంచి తియ్యండి!"

దేవకుమార్ చెప్పులు తీసి పక్కన పెట్టాడు. వంటింట్లో అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది. తిట్లు మాత్రం ఆగలేదు. ఆయన పీట వాల్చుకుని కూర్చుని, ఎంతో శ్రద్ధగా విన్నాడు.