హెచ్‌డీఆర్ ఉన్న మానిటర్

మార్కాపురంలో కొన్న చవక మానిటర్ పెట్టె మీద హెచ్‌డీఆర్ అని రాసి ఉంది. వెలుగును మరింత వెలుగుగా, చీకటిని మరింత చీకటిగా చూపే పద్ధతి అది. ఇంట్లో అది ఆన్ చేస్తే కంప్యూటర్ ఆటలో సూర్యుడు పాలిపోయి, సున్నం కొట్టిన గోడలా కనిపించాడు. వాపసుకు ఆ రోజే ఆఖరు. దుకాణదారు నాకు వరసకు బావ. ఫోన్‌లో అడిగితే, తప్పు నా సీపీయూలో బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ కార్డుదన్నాడు. సీపీయూ, పెట్టెతో సహా మానిటర్ రెండూ దుకాణానికి మోసుకెళ్ళాను. సీపీయూను అక్కడి ఖరీదైన టీవీకి తగిలించగానే, అదే సూర్యుణ్ణి చూసి ఇద్దరం కళ్ళు చికిలించాం.

“కార్డు బాగానే ఉంది గదా బావా.”

“మానిటరూ బాగానే ఉంది. హెచ్‌డీఆర్ సిగ్నల్ తీసుకుంటది. అంత వెలుగు దీనికి యాడిది? తెర ఎనకాల లైటంతా ఒకటే. సూర్యునికి పెంచితే చీకటి గూడా తెల్లబడతది.”

“మరి పెట్టె మీద రాసినారే?”

“తీసుకుంటదని రాసినారు. చూపిస్తదని రాసినారా?”

చదివాను. రాయలేదు. బావ సీపీయూను మానిటర్‌కు తగిలించి, సెట్టింగుల్లో హెచ్‌డీఆర్ ఆపేశాడు. బొమ్మ వెంటనే బాగుపడింది. వాపసివ్వడానికి వెళ్ళినవాణ్ణి దాన్నే ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకు తెచ్చానో ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.