వచ్చేశాం, వచ్చేసింది

మా చర్చి స్త్రీల సమాజం వాళ్లు పుస్తకం వేస్తూ, మిరపకాయల కోతకు వెళ్లిన రోజుల గురించి నన్నూ ఓ పేజీ రాయమన్నారు. మూడో తరగతితో బడి మానేసినా, పలక మీద దిద్దుకున్న అక్షరాలు మరిచిపోలేదన్న గర్వం నాది. రాసిచ్చాను.

గుంటూరులో ఆ పుస్తకం అచ్చువేసే ప్రెస్సులోనే మా మనవరాలు ప్రూఫులు దిద్దే పనిలో కొత్తగా చేరింది. పని నచ్చితే నెలాఖరుకు ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. నా పేజీ ప్రూఫు తీసుకుని ఇంటికి వచ్చింది.

"వచ్చేసాం అని రాస్తే వచ్చేశాం అని మార్చావేమే? మనం అట్టా అంటామా?"

"నోటితో ఎట్టా అన్నా ఫర్లేదు నానమ్మా. అచ్చులో ఇట్టాంటి మాటల్లో సా ఉన్నచోట శా వేయడం మా ప్రెస్సు పద్ధతి. గుడి ఉంటే మాత్రం స అట్టాగే..."

"సరే, సరే. నాకు తెలవదా ఏంటి," అన్నాను. చివరి మాట చెవిన పెట్టలేదు.

మర్నాడు అది స్నానానికి వెళ్లగానే ఎర్ర పెన్ను తీశాను. రెండోసారి ప్రూఫు తీస్తే కాగితం దండగ కదా, నేనే చూసిపెడదామనుకున్నాను. 'వాన వచ్చేసింది'ని 'వచ్చేశింది' చేశాను. కోసి, కోశి అయింది. చేసిన, చేశిన అయింది. బస్సుకు టైమవుతోందని అది ఆ కాగితాన్ని మళ్లీ చూడకుండానే సంచిలో పెట్టుకుంది. నేనూ చెప్పలేదు.

మధ్యాహ్నం దానికి క్యారేజీ ఇద్దామని ప్రెస్సుకు వెళ్లాను. అచ్చు ఆపేసి ఉంది. ఓనరు నా పేజీ పట్టుకుని అందరి ముందూ మనవరాలిని అడుగుతున్నాడు.

"వచ్చేశింది ఏంటమ్మా? ఏ ఊరి తెలుగు ఇది? చేశాడుకీ చేసిందికీ తేడా తెలియని మనిషి ప్రూఫులేం చూస్తుంది?"

కంప్యూటరు ముందున్నాయన "కోశి, కాశి, ఇంక రామేశ్వరమే మిగిలింది," అన్నాడు. నలుగురూ నవ్వారు.

మనవరాలు నన్ను చూసింది. ఎర్ర పెన్నుతో అట్టా దిద్దింది ఎవరో దానికి అప్పుడే అర్థమైనట్టుంది. అయినా "చూసుకోలేదండీ, తప్పు నాదే," అంది.

క్యారేజీ బల్ల మీద పెట్టాను. "దానిది కాదయ్యా. అది సరిగ్గానే దిద్దింది. నేను చెడగొట్టాను. గుడి ఉన్నచోట స ఉంచాలని చెబుతుంటే వినలేదు."

ఆయన గొంతు తగ్గింది. "పెద్దవారు, మీకు తెలియదు మామ్మగారూ. కానీ చివరిసారి చూసి పంపాల్సింది ఈ అమ్మాయే కదండీ." ఖాయం చేసే మాట ఇంకో నెల చూసి చెబుతానన్నాడు.

చివరిసారి చూడాల్సింది అదేనన్న మాట నిజమే. నేను ఒప్పుకున్నా దాని మీద పడ్డ తప్పు పోలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది.

సాయంత్రం మా ఊరు ప్రత్తిపాడుకు తిరిగి వెళ్లే బస్సులో అది కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, "అన్నం తినకుండా వచ్చేశావా నానమ్మా?" అని అడిగింది.

"వచ్చేశాను," అన్నాను. దాని మొహంలోకి చూడలేకపోయాను.